ఓటీ డబ్బులు ఎలా లెక్కిస్తారు? ఫ్యాక్టరీ కార్మికులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల జీతం మీద పనిచేసే ఫ్యాక్టరీ కార్మికుడి పేస్లిప్‌లో మూడు చోట్ల తేడా వస్తుంటుంది. షిఫ్టు దాటి చేసిన గంటలు, సెలవు రోజు చేసిన డ్యూటీ, నాగా పెట్టినందుకు వేసే కోత. ఈ మూడింటికీ మూలం ఒకటే అంకె, గంట రేటు. అది తప్పితే మిగతా లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా తప్పే వస్తుంది. అందుకే కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే ఉంటాయి. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణతో వెళ్దాం. జీడిమెట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్ అనుకోండి. బేసిక్, డీఏ కలిపి రూ.13,000, హెచ్‌ఆర్‌ఏ రూ.3,640, మొత్తం నెలకు రూ.16,640. రోజుకు 8 గంటల షిఫ్టు, ఆదివారం సెలవు.

నా గంట రేటు ఎంతో ఎలా తెలుస్తుంది?

నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు కూలి, దాన్ని 8తో భాగిస్తే గంట రేటు వస్తుంది. మన ఆపరేటర్‌కు 16,640 ÷ 26 = 640, 640 ÷ 8 = 80. అంటే గంటకు రూ.80, ఓటీ గంటకు దానికి రెండింతలు, రూ.160.

26 ఎందుకంటే, నెలలో వారపు సెలవులు తీసేస్తే మిగిలే పని దినాలు సుమారుగా అన్నే. కనీస వేతనాలను నెల రేటు నుంచి రోజు రేటుకు మార్చేటప్పుడు వాడేది కూడా ఈ 26నే. కొన్ని పేరోల్ సాఫ్ట్‌వేర్లలో మాత్రం 30 పెట్టి ఉంచుతారు. అప్పుడు 16,640 ÷ 30 ÷ 8 = 69.33 అవుతుంది, ఓటీ గంట రూ.138.67కి పడిపోతుంది. గంటకు రూ.21 పైగా పోయినట్టు. నెలకు 40 గంటల ఓటీ చేసేవాడికి ఇది రూ.850 దాటుతుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అదే ఫ్యాక్టరీ నాగా పెట్టిన రోజుకు కోత వేసేటప్పుడు ఎంతతో భాగిస్తోందో చూడండి. ఓటీ ఇచ్చేటప్పుడు 30, కోసేటప్పుడు 26 అయితే, రెండు వైపులా యాజమాన్యానికే లాభం. ఏదో ఒకటే అంకె రెండు చోట్లా వాడాలని అడగడం న్యాయమైన ప్రశ్న, హెచ్‌ఆర్ వాళ్లు దానికి జవాబు చెప్పి తీరాలి.

ఓటీ రేటుకు బేసిక్ ఒక్కటే తీసుకుంటారా, మొత్తం జీతమా?

ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ఓటీకి "సాధారణ వేతన రేటు"కు రెండింతలు ఇవ్వాలంటుంది. ఆ సాధారణ రేటులో బేసిక్‌తో పాటు కార్మికుడికి ఆ సమయంలో అర్హత ఉన్న అలవెన్సులు కలుస్తాయి. బోనస్, ఓటీ డబ్బులు మాత్రం కలవవు. ఈ లెక్కన మన ఆపరేటర్‌కు మొత్తం 16,640 మీదే రేటు కట్టాలి.

2025 నవంబరు 21 నుంచి ఇలాంటి పాత చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనం అనే మాటకు వేరే నిర్వచనం ఉంది. బేసిక్, డీఏ లాంటివి లోపల ఉంటాయి, హెచ్‌ఆర్‌ఏ, రవాణా భత్యం లాంటివి బయట. బయట ఉంచిన భాగం మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటినంత మేర తిరిగి వేతనంలో కలపాలి. మన ఉదాహరణలో బయట ఉన్నది 3,640 మాత్రమే, సగానికి చాలా తక్కువ. కాబట్టి ఆ నిర్వచనాన్ని అక్షరాలా తీసుకునే యాజమాన్యం 13,000 మీదే లెక్క కడుతుంది. అప్పుడు గంట రేటు రూ.62.50, ఓటీ గంట రూ.125.

160కీ 125కీ మధ్య తేడా చిన్నది కాదు. మీ ఫ్యాక్టరీ ఇప్పటివరకు మొత్తం జీతం మీద ఓటీ ఇస్తూ ఉండి, ఇప్పుడు కోడ్ పేరు చెప్పి బేసిక్ మీదకు మారిస్తే ఊరుకోకండి. అంతకుముందు నుంచి ఉన్న మేలైన షరతును, యూనియన్‌తో చేసుకున్న ఒప్పందాన్ని ఒక సర్క్యులర్ కాగితంతో తీసేయడం కుదరదని వాదించవచ్చు. ఈ పేజీలో మిగతా లెక్కలన్నీ గంటకు 80 చొప్పునే వేశాను.

షిఫ్టు 8 గంటలు. తొమ్మిదో గంట నుంచి డబుల్ రావాలి కదా?

చాలామంది అలాగే అనుకుంటారు. ఫ్యాక్టరీల చట్టం పెట్టిన గీత మాత్రం వేరు. రోజులో 9 గంటలు దాటినా, వారంలో 48 గంటలు దాటినా ఓటీ అవుతుంది. రెండిట్లో ఏ గీత దాటినా చాలు. ఒకే గంటను రెండుసార్లు మాత్రం లెక్కించరు.

వారం అంటే శనివారం అర్ధరాత్రి నుంచి తర్వాతి శనివారం అర్ధరాత్రి దాకా. అంటే ఆదివారం కొత్త వారానికి మొదటి రోజు. ఆదివారం డ్యూటీని ముందు వారంలో వేయడం వల్ల లెక్క తారుమారైన పేస్లిప్‌లు ఉంటాయి, అది కూడా చూసుకోవాలి.

ఇప్పుడు ఒక వారం తీసుకుందాం. సోమ, బుధ, శుక్రవారాల్లో పదేసి గంటలు, మంగళ, గురు, శనివారాల్లో ఎనిమిదేసి. మొత్తం 54. రోజు లెక్కన చూస్తే మూడు రోజుల్లోనూ 9 దాటింది ఒక్కో గంటే కాబట్టి ఓటీ 3 గంటలు. వారం లెక్కన చూస్తే 54 − 48 = 6 గంటలు. కార్మికుడికి ఏది ఎక్కువైతే అది, అంటే 6 గంటలు, 6 × 160 = రూ.960.

ఇంకో వారం. బుధవారం నాగా, మిగతా అయిదు రోజులూ తొమ్మిదేసి గంటలు. మొత్తం 45. ఏ రోజూ 9 దాటలేదు, వారం 48 దాటలేదు. రోజూ ఒక గంట అదనంగా చేసినా పాత చట్టం ప్రకారం ఇందులో డబుల్ ఒక్క గంటకు కూడా రాదు. ఆ 5 గంటలకు సాధారణ రేటే, 5 × 80 = రూ.400. "నేను చేసిన ఓటీ ఏమైంది" అని టైమ్ ఆఫీసులో వాదనకు దిగేవాళ్లలో సగం మంది పరిస్థితి ఇదే. వారంలో ఒక రోజు నాగా పడితే వారం లెక్క కింద వచ్చే డబుల్ దాదాపు కరిగిపోతుంది. అయితే ఆ 5 గంటలకు అసలు ఏమీ ఇవ్వకపోవడం తప్పు. అది షిఫ్టుకు బయట చేసిన పని, దానికి కనీసం మామూలు కూలి రావాలి.

కొత్త కోడ్ వచ్చాక ఈ గీత మారిందా?

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ రోజుకు 8 గంటల పని అంటుంది. ఎన్ని గంటలు దాటితే ఓటీ అన్నది సంబంధిత ప్రభుత్వం నియమాల్లో చెబుతుంది. రోజు లెక్క, వారం లెక్క రెండిట్లో కార్మికుడికి ఏది లాభమైతే అది తీసుకోవాలన్న మాట మాత్రం కోడ్‌లోనే ఉంది, రెండింతల రేటు కూడా. కార్మికుడి సమ్మతి లేకుండా ఓటీ చేయించకూడదన్నది కొత్తగా స్పష్టంగా రాసిన విషయం. కోడ్‌కు విరుద్ధం కానంత వరకు పాత నియమాలు కొత్తవి వచ్చే దాకా నడుస్తాయి.

గీత రోజుకు 8 గంటలైతే పైన చెప్పిన నాగా వారం లెక్క మారిపోతుంది. అయిదు రోజుల్లో రోజుకో గంట చొప్పున 5 గంటలూ ఓటీ అవుతాయి, రూ.400 బదులు రూ.800. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2025లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచింది. వారం 48 గంటల హద్దు మాత్రం అలాగే ఉంది. కాబట్టి అక్కడి కార్మికులు వారం లెక్కనే గట్టిగా పట్టుకోవాలి.

ఆదివారం డ్యూటీకి వెళ్తే డబుల్ వస్తుందా?

ఆదివారం కాబట్టి డబుల్ అని చట్టంలో లేదు. ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు, కానీ విషయం ఇదే. వారపు సెలవు రోజు పని చేయిస్తే చట్టం మొదట అడిగేది బదులు సెలవు. ఆ ఆదివారానికి ముందు మూడు రోజుల్లోగానీ తర్వాత మూడు రోజుల్లోగానీ ఒక రోజు సెలవిస్తే, ఆదివారం మామూలు పని దినంగా మారిపోతుంది. ఎలా మార్చినా మధ్యలో ఒక్క పూర్తి సెలవు లేకుండా వరుసగా పది రోజులకు మించి పని చేయించకూడదు.

ఉదాహరణకు 2026 ఆగస్టు 23 ఆదివారం డ్యూటీ చేసి 26 బుధవారం సెలవు తీసుకున్నారనుకోండి. ఆ వారంలో పని చేసింది ఆరు రోజులే, 48 గంటలే. డబుల్ లేదు. బుధవారం సెలవు ఇవ్వకుండా సోమవారం నుంచి శనివారం దాకా మామూలుగానే పని చేయిస్తే మొత్తం 56 గంటలు. అప్పుడు 8 గంటలు ఓటీ, 8 × 160 = రూ.1,280. డబుల్ వచ్చింది ఆదివారం అయినందుకు కాదు, వారం 48 దాటినందుకు.

మినహాయింపు ఉత్తర్వుల కింద వారపు సెలవు పోగొట్టుకున్న కార్మికుడికి దానికి బదులు సెలవు అదే నెలలోగానీ తర్వాతి రెండు నెలల్లోగానీ ఇవ్వాలి. దీన్నే షాపుఫ్లోర్ మీద కాంపాఫ్ అంటారు. కాంపాఫ్ ఇస్తున్నాం కాబట్టి ఓటీ ఇవ్వం అంటే కుదరదు. అది పోయిన సెలవుకు బదులు, ఇది ఎక్కువ చేసిన గంటలకు కూలి.

మరి ఆగస్టు 15, జనవరి 26, పండగ రోజుల సంగతి?

అవి వేరే చట్టం కింద వస్తాయి. 1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలు, సంస్థల జాతీయ, పండగ సెలవుల చట్టం ఆ రాష్ట్రంలోనూ, తెలంగాణలోనూ నడుస్తోంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 జీతంతో కూడిన సెలవులు. పండగ సెలవుల జాబితాను యాజమాన్యం ముందుగానే ఖరారు చేసి నోటీసు బోర్డులో పెట్టాలి. ఈ రోజుల్లో పనికి పిలిస్తే కార్మికుడికి రెండు దారులు. ఆ రోజుకు రెండింతల కూలి, లేదా మామూలు కూలి తీసుకుని ఇంకో రోజు జీతంతో బదులు సెలవు. ఎంచుకునే హక్కు కార్మికుడిది. ఆ ఎంపికను సూపర్‌వైజరే చేసేస్తున్న ఫ్యాక్టరీలు ఉన్నాయి, అది చట్టం చెప్పిన పద్ధతి కాదు.

ఇక్కడ ఒక అపార్థం ఉంది. నెల జీతం వాళ్లకు ఆగస్టు 15 కూలి నెల జీతంలోనే ఉంది. కాబట్టి రెండింతలు అంటే జీతం పైన ఇంకో రోజు కూలి, మన ఆపరేటర్‌కు రూ.640. రోజు కూలి మీద పనిచేసేవాళ్లకు ఆ రోజుకు రూ.1,280 నేరుగా చేతికి రావాలి. రెండూ ఒకటే. కొన్ని ఫ్యాక్టరీల్లో ఒప్పందం ప్రకారం నెల జీతం పైన ఇంకో రెండు రోజుల కూలి ఇస్తారు, దాన్ని వాళ్లు ట్రిపుల్ అంటారు. అది ఒప్పందం వల్ల వచ్చిన మేలు, చట్టం అంత దూరం వెళ్లలేదు.

పండగ రోజు పది గంటలు చేస్తే ఆ చివరి గంటలకు నాలుగింతలా?

కాదు. సెలవు రోజు మొదటి 8 గంటలకు రెండింతలు వచ్చేశాయి. ఆ పైన చేసిన గంటలు గీత దాటితే అవి ఓటీగా రెండింతలే. డబుల్ మీద డబుల్ వేయరు.

రాత్రి షిఫ్టు అర్ధరాత్రి దాటుతుంది. ఆ గంటలు ఏ రోజువి?

రాత్రి 10కి ఎక్కి పొద్దున 6కి దిగితే, అర్ధరాత్రి తర్వాతి గంటలు కూడా షిఫ్టు మొదలైన రోజుకే చెందుతాయి. వారపు సెలవు కూడా షిఫ్టు ముగిసిన క్షణం నుంచి 24 గంటలుగా లెక్కిస్తారు. పంచింగ్ మెషిన్ తేదీ మారగానే కొత్త రోజు మొదలుపెట్టేస్తే, రెండు రోజులుగా చీలిన ఆ షిఫ్టులో ఓటీ కనపడకుండా పోతుంది. రాత్రి షిఫ్టు వాళ్ల పేస్లిప్‌లో ఓటీ గంటలు అనుమానంగా తక్కువ ఉంటే మొదట చూడాల్సింది ఇదే.

పీస్ రేటు మీద పనిచేసేవాళ్లకు గంట రేటు ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు నెలలో పూర్తిగా పనిచేసిన రోజుల సగటు సంపాదన నుంచి. ఓటీ సంపాదన అందులో కలపరు. గత నెల 22 రోజులు పూర్తిగా పనిచేసి పీసుల మీద రూ.14,080 వచ్చిందనుకోండి. రోజుకు 640, గంటకు 80, ఓటీ గంటకు 160. పీస్ రేటుకు ఓటీ ఉండదన్న మాట నిజం కాదు.

ఒక రోజు నాగా పెడితే ఎంత కోయవచ్చు?

రాని రోజుకు కూలి ఎంతో అంతే, రూ.640. రెండు గంటలు రాకపోతే రెండు గంటల కూలి. రాని సమయానికి తగ్గ నిష్పత్తి దాటి కోయకూడదన్నది వేతనాల చెల్లింపు చట్టంలో ఎప్పటి నుంచో ఉన్న నియమం. 20 నిమిషాలు ఆలస్యమైతే 80 × 20 ÷ 60 = రూ.26.67 మాత్రమే. "మూడుసార్లు లేటు వస్తే అర రోజు కట్" అనే బోర్డు చాలా గేట్ల దగ్గర కనిపిస్తుంది. ఆ మూడు ఆలస్యాలూ కలిపి గంటే అయితే అర రోజు కూలి, అంటే రూ.320, కోయడానికి ఆధారం లేదు. శిక్షగా కోయాలంటే అది జరిమానా అవుతుంది. జరిమానాకు వేరే హద్దులు ఉన్నాయి. ఆ నెల కూలిలో 3 శాతం దాటకూడదు, కారణం చెప్పుకునే అవకాశం ముందు ఇవ్వాలి.

ఒకే ఒక్క పెద్ద మినహాయింపు ఉంది. పదిమంది గానీ అంతకు మించి గానీ కూడబలుక్కుని నోటీసు ఇవ్వకుండా పనికి రాకపోతే, వాళ్ల ఒప్పందంలో నోటీసు షరతు ఉన్నప్పుడు ఎనిమిది రోజుల కూలి దాకా కోయవచ్చు. మెరుపు సమ్మె చేద్దామనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

అన్ని కోతలూ కలిపినా ఆ నెల కూలిలో సగం దాటకూడదు. అడ్వాన్సు వాయిదా ఎంత పెద్దదైనా ఈ హద్దుకు లోబడే ఉండాలి.

ఓటీ డబ్బులో కూడా పీఎఫ్, ఈఎస్ఐ కోస్తారా?

రెండిటికీ జవాబు వేరు, అందుకే గందరగోళం.

పీఎఫ్ ఓటీ మీద ఉండదు. కార్మికుడి వాటా 12 శాతం బేసిక్, డీఏ మీదే పడుతుంది. ఓటీ ఎక్కువ చేసిన నెలలో పీఎఫ్ కోత పెరిగితే లెక్కలో పొరపాటు ఉందని అర్థం.

ఈఎస్ఐ మాత్రం పాత ఈఎస్ఐ చట్టం లెక్కన ఓటీ మీద కూడా పడుతుంది. కార్మికుడి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. పైసలుంటే పై రూపాయికి సరిచేస్తారు. అయితే ఈఎస్ఐలో ఉండటానికి నెలకు రూ.21,000 హద్దు చూసేటప్పుడు ఓటీని కలపరు. జీతం 20,500, ఓటీ 3,000 వచ్చిన నెలలో మీరు ఈఎస్ఐ నుంచి బయటకు పోరు. చందా మాత్రం 23,500 మీద కడతారు, అంటే రూ.177. ఓటీ వల్ల కార్డు పోతుందని భయపడి ఓటీ మానుకునేవాళ్లు ఉన్నారు, ఆ భయం అక్కర్లేదు.

వృత్తి పన్ను రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15,000 దాకా లేదు, 20,000 దాకా నెలకు రూ.150, ఆ పైన రూ.200.

నెల మొత్తం కలిపి ఒకసారి లెక్క వేసి చూపిస్తారా?

2026 ఆగస్టు తీసుకుందాం. ఆ నెలలో అయిదు ఆదివారాలు పోగా సరిగ్గా 26 రోజులు ఉంటాయి. ఆగస్టు 15 శనివారం. మన ఆపరేటర్ నెల ఇలా గడిచిందనుకోండి.

2 నుంచి 8 దాకా ఉన్న వారంలో 54 గంటలు చేశాడు. పైన చూసినట్టు 6 గంటల ఓటీ, రూ.960.

9 నుంచి 15 దాకా సోమవారం నుంచి శుక్రవారం వరకు ఎనిమిదేసి గంటలు, శనివారం ఆగస్టు 15న కూడా డ్యూటీ 8 గంటలు. వారం మొత్తం 48, ఓటీ లేదు. బదులు సెలవు వద్దని రెండింతలు ఎంచుకున్నాడు, అదనంగా రూ.640.

16 నుంచి 22 దాకా బుధవారం నాగా, మిగతా అయిదు రోజులు తొమ్మిదేసి గంటలు. సాధారణ రేటు మీద 5 గంటలకు రూ.400. నాగాకు కోత రూ.640.

23 నుంచి 29 దాకా ఆదివారంతో కలిపి ఏడు రోజులూ పని, 56 గంటలు. 8 గంటల ఓటీ, రూ.1,280. కాంపాఫ్ ఒకటి బాకీ.

జీతం 16,640లో నాగా కోత పోగా 16,000. దానికి 960, 640, 400, 1,280 కలిపితే రూ.19,280.

ఇప్పుడు చట్టబద్ధమైన కోతలు. నాగా వల్ల బేసిక్, డీఏ కూడా 26లో 25 వంతులే వస్తుంది, అంటే 12,500. దాని మీద పీఎఫ్ 12 శాతం, రూ.1,500. ఈఎస్ఐ మొత్తం 19,280 మీద 0.75 శాతం, 144.60, సరిచేస్తే రూ.145. వృత్తి పన్ను రూ.150. పోయిన నెల తీసుకున్న అడ్వాన్సు వాయిదా రూ.1,000 అనుకుందాం. మొత్తం కోత 2,795. చేతికి వచ్చేది రూ.16,485.

ఒక రోజు నాగా పెట్టినందుకు నేరుగా పోయింది రూ.640 అయినా, అసలు నష్టం అంతకంటే ఎక్కువ. అతను ఆ బుధవారం కూడా తొమ్మిది గంటలు చేసి ఉంటే వారం 54 అయ్యేది, 6 గంటలు డబుల్ కింద రూ.960 వచ్చేవి. నాగా వల్ల వాటి స్థానంలో రూ.400 వచ్చాయి. మొత్తం రూ.1,200 తేడా.

పేస్లిప్‌లో గంటలు, మొత్తం మాత్రమే ఉన్నాయి. ఏ రేటు వేశారో ఎలా పట్టుకోవాలి?

వెనక్కి లెక్క వేయండి. ఓటీ మొత్తాన్ని ఓటీ గంటలతో భాగించండి, వచ్చినదాన్ని 2తో భాగించి 208తో గుణించండి. 208 అంటే 26 × 8. మీ నెల జీతం రావాలి. ఫోన్‌లో ఎక్సెల్ షీట్ ఉంటే A2లో ఓటీ మొత్తం, B2లో గంటలు పెట్టి ఇది వేయండి:

```
=A2/B2/2*208
```

మన ఆపరేటర్‌కు ఆగస్టులో 14 గంటల డబుల్ ఉంది, 14 × 160 = 2,240. వెనక్కి లెక్క వేస్తే 16,640 వస్తుంది, సరిపోయింది. పేస్లిప్‌లో రూ.1,941 ఉంటే లెక్క 14,420 దగ్గర ఆగుతుంది, అంటే 26కి బదులు 30తో భాగించారు. రూ.1,750 ఉంటే సరిగ్గా 13,000 వస్తుంది, అంటే హెచ్‌ఆర్‌ఏ వదిలేశారు. రూ.1,517 దాకా పడిపోతే ఆ రెండూ చేశారు. రూ.1,120 ఉంటే 8,320, జీతంలో సగం. అంటే డబుల్ ఇవ్వకుండా మామూలు రేటే వేశారన్నమాట.

ఈ పరీక్షకు ముందు ఓటీ గంటలు అసలు సరిగ్గా ఎక్కాయో లేదో మీ సొంత లెక్కతో పోల్చుకోవాలి. రేటు బాగుండి గంటలు తగ్గించడం ఇంకో పద్ధతి.

ఓటీని "ప్రొడక్షన్ ఇన్సెంటివ్" అని రాస్తున్నారు. డబ్బు వస్తోంది కదా, ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ఓటీకి మూడు నెలలకు ఇన్ని గంటలని చట్టంలో పరిమితి ఉంది. అది దాటితే రిజిస్టర్‌లో కనిపించకూడదని ఆ గంటలను వేరే పేరు కింద వేస్తారు. అలా రాసినప్పుడు రేటు ఎంతో, ఎన్ని గంటలకో ఎక్కడా ఉండదు, వాళ్లు ఎంత ఇస్తే అంత. పరిమితి దాటి పని చేయించడం యాజమాన్యం చేసిన ఉల్లంఘన. ఆ గంటలకు రెండింతల కూలి అడిగే హక్కు దాని వల్ల పోదు.

నేను కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నాను. నాకూ ఇదే లెక్కా?

అవును. ఫ్యాక్టరీలో పనిచేసేవాడు ఎవరి రోల్స్‌లో ఉన్నా గంటల లెక్క, రెండింతల రేటు మారవు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే ప్రధాన యాజమాన్యం కట్టి, తర్వాత కాంట్రాక్టర్ బిల్లులో కోసుకోవాలి. గేట్ పాస్ మీద ఫ్యాక్టరీ పేరు, తేదీలు ఉంటాయి కాబట్టి దాన్ని దాచుకోండి.

తక్కువ ఇచ్చారని తేలితే ఎప్పటిలోపు, ఎక్కడ అడగాలి?

మొదట టైమ్ ఆఫీసులో రాతపూర్వకంగా, ఏ తేదీన ఎన్ని గంటలో చెబుతూ. నోటితో అడిగింది ఎవరికీ గుర్తుండదు. అక్కడ తేలకపోతే కార్మిక శాఖలో క్లెయిమ్ వేయవచ్చు. పాత వేతనాల చెల్లింపు చట్టంలో దీనికి గడువు 12 నెలలే ఉండేది. వేతనాల కోడ్ దాన్ని మూడేళ్లు చేసింది. తేలిన బాకీతో పాటు దానికి పదింతల దాకా పరిహారం కూడా వేయవచ్చు. కూలి చెల్లించామని రుజువు చేసుకోవాల్సింది యాజమాన్యమే.

మీ దగ్గర ఉండాల్సినవి ఎక్కువేం లేవు. పేస్లిప్‌లు, రోజూ ఎక్కిన దిగిన టైము రాసుకున్న చిన్న పుస్తకం, సెలవు రోజు డ్యూటీకి పిలిచిన మెసేజ్. పుస్తకంలో నెలాఖరున కూర్చుని ఒకేసారి రాసినదాని కంటే ఏ రోజుది ఆ రోజు రాసినదాన్నే అధికారి నమ్ముతాడు.